ఇంటి వైరింగ్ పటంలో ఎర్త్ గీత

ఇంటి వైరింగ్ పటాన్ని మీటరు దగ్గర నుంచి చదవాలి. ఫేజ్, న్యూట్రల్ తీగలు మీటరు నుంచి మెయిన్ స్విచ్‌కు, అక్కడి నుంచి డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు వస్తాయి. బోర్డులో ఫేజ్ తీగ అనేక సర్క్యూట్లుగా చీలుతుంది. ప్రతి సర్క్యూట్‌కు మొదట ఫ్యూజు, తరువాత స్విచ్ ఉంటాయి. ఇవి రెండూ ఫేజ్ తీగ మీదే ఉన్నాయో లేదో గమనించండి. స్విచ్ న్యూట్రల్ మీద ఉంటే, దీపం ఆర్పినా హోల్డరు షాక్ కొడుతుంది.

మూడవది ఆకుపచ్చ గీత. ఇది ఫ్రిజ్, మోటారు వంటి వాటి లోహపు తొడుగును ఎర్త్ గుంతకు కలుపుతుంది. లోపల ఫేజ్ తీగ తొడుగుకు తగిలితే, విద్యుత్తు ఈ దారిలో భూమి గుండా ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు చేరుతుంది. ఆ దారి నిరోధం 2 ఓములైతే 230/2 = 115 ఆంపియర్లు ప్రవహించి, 15 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే కరుగుతుంది.

నెల్లూరు జిల్లా మైపాడు వంటి తీరగ్రామాల్లో వేసవికి పై ఇసుక ఎండిపోతుంది. ఉప్పుగాలికి ఎర్త్ పైపు క్లాంపు తుప్పు పడుతుంది. అప్పుడు నిరోధం 46 ఓములకు పెరిగిందనుకుందాం. 230/46 = 5 ఆంపియర్లు మాత్రమే. ఫ్యూజు కరగదు, తొడుగు మీద ప్రమాదకరమైన వోల్టేజి అలాగే నిలిచి ఉంటుంది.

అందువల్ల పటంలో మెయిన్ స్విచ్ తరువాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉందేమో చూడండి. ఫేజ్‌లో వెళ్లిన విద్యుత్తుకు, న్యూట్రల్‌లో తిరిగివచ్చిన విద్యుత్తుకు మధ్య తేడా అంతకు చేరగానే అది సరఫరాను ఆపివేస్తుంది. దాని మీది టెస్ట్ బటన్ ఆ పరికరాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. ఎర్త్ గుంత సంగతి తెలియాలంటే, నేల ఎండిన వేసవిలోనే ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టరుతో నిరోధం కొలిపించాలి.