వార్డులో వినబడే జర్మన్

జర్మనీలో నర్సుగా చేరాలంటే మన బీఎస్సీ నర్సింగ్ పట్టా ఒక్కటే చాలదు. పట్టాను గుర్తించే అధికారం అక్కడి రాష్ట్రాలది. చాలాచోట్ల బి2 స్థాయి జర్మన్ అడుగుతారు. గోథే సంస్థ పెట్టే బి2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం వేర్వేరు భాగాలు. ఒక్కోదానిలో వందకు 60 రావాలి. వినడంలో 53 దగ్గరే ఆగిపోతే ఆ ఒక్కటే మళ్లీ రాయొచ్చు.

నిజంగా తడబడేదీ వినడంలోనే. షిఫ్టు మారేటప్పుడు రాత్రి నర్సు గబగబా అప్పగించేస్తుంది: మూడో మంచం పెద్దాయనకు రెండుసార్లు కళ్లు తిరిగాయి, బీపీ మాత్ర డాక్టరు ఆపమన్నారు. ఆ చివరి ముక్క అందకపోతే పొద్దున్నే మాత్ర వేసేస్తాం. అందుకే శిక్షణ కేంద్రంలో చేరేముందు, ఇలాంటి అప్పగింతలు వినిపించి, విన్నది జర్మన్‌లో తిరిగి చెప్పిస్తారా అని అడగండి.