తెల్లవారుజాము ముహూర్తానికి ఫోన్ ఎప్పుడు మోగాలి?

శుభలేఖలో ముహూర్తం ఇలా ఉందనుకుందాం: గురువారం రాత్రి 3.20 గంటలకు, తెల్లవారితే శుక్రవారం. పెళ్లి విజయవాడలో, మీరుండేది గుంటూరులో. కార్డు చూడగానే ఫోన్ తీసి క్యాలెండర్‌లో రాసుకుంటారు. వేళకు అదే గుర్తు చేస్తుందని నమ్మి మిగతా పనుల్లో పడతారు. ఫోన్ ఇచ్చే గుర్తింపులన్నీ ఎలా పనిచేస్తాయో, ఎక్కడ తప్పుతాయో తెలుసుకోవడానికి ఈ ఒక్క పెళ్లి చాలు.

మొదటి చిక్కు తేదీ దగ్గరే వస్తుంది. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, అందుకే తెల్లవారుజాము 3.20 ఇంకా గురువారం లెక్కే. ఫోన్‌కు మాత్రం అర్ధరాత్రి 12 దాటగానే శుక్రవారం. కార్డులో ఉన్నట్టే గురువారం కింద 3.20 AM అని రాస్తే ఫోన్ ఒక రోజు ముందే, ఎవరూ లేని కల్యాణ మండపానికి పిలుస్తుంది. రాయాల్సింది శుక్రవారం 3.20 AM. ‘తెల్లవారితే’ తర్వాత కార్డులో ఏ వారం ఉంటే ఫోన్‌లో ఆ వారమే నొక్కాలి.

కొందరు టైమ్ జోలికి పోకుండా శుక్రవారానికి ‘పెళ్లి’ అని రాసి, దాన్ని రోజంతా జరిగే కార్యక్రమంగా, అంటే All-day గా వదిలేస్తారు. ఇది ఇంకా ప్రమాదం. ఐఫోన్‌లో ఇలాంటి వాటికి ‘ఆ రోజే’ అని గుర్తింపు పెట్టుకుంటే అది ఉదయం 9 గంటలకు వస్తుంది. అప్పటికి జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ అయిపోయి బంధువులు టిఫిన్లు చేస్తుంటారు. పుట్టినరోజుకో, కరెంటు బిల్లు గడువుకో All-day సరిపోతుంది. గడియారంతో ముడిపడిన పనికి కచ్చితమైన టైమ్ ఇవ్వాల్సిందే.

టైమ్ ఇచ్చాక ఫోన్ ఎప్పుడు మోగాలో మీరు చెప్పకపోతే, ముందుగా ఖాయం చేసి ఉన్న అంకెనే వాడుకుంటుంది. దాన్నే డీఫాల్ట్ అంటాం. ఐఫోన్‌లో ఇది క్యాలెండర్ సెట్టింగ్స్‌లో Default Alert Times అనే పేరుతో ఉంటుంది. పుట్టినరోజులకు, టైమ్ ఉన్న కార్యక్రమాలకు, రోజంతా ఉండే వాటికి అక్కడ విడివిడిగా పెట్టుకోవచ్చు. గూగుల్ క్యాలెండర్‌లోనైతే సెట్టింగ్స్‌లో ఒక్కో క్యాలెండర్ పేరు కింద దాని డీఫాల్ట్ వేరుగా ఉంటుంది. ఆఫీసు మీటింగులకు ఒక క్యాలెండర్, ఇంటి పనులకు ఇంకొకటి పెట్టుకుంటే, మొదటిదానికి 10 నిమిషాలు, రెండోదానికి గంట చొప్పున ఖాయం చేసుకోవచ్చు. కుర్చీలోంచి లేవకుండా హాజరయ్యే వీడియో మీటింగుకు 10 నిమిషాలు ధారాళం. ఇల్లు కదిలి వెళ్లాల్సిన పనికి అదే 10 నిమిషాలు ఎందుకూ కొరగాదు.

గూగుల్‌లో ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. రేపు మీరు డీఫాల్ట్‌ను మారిస్తే, పాత కార్యక్రమాల్లో డీఫాల్ట్ మీదే వదిలేసినవన్నీ కొత్త అంకెకు మారిపోతాయి. మీరు చేత్తో మార్చినవి మాత్రం అలాగే ఉంటాయి. కాబట్టి తప్పకూడని కార్యక్రమానికి గుర్తింపులను విడిగా పెట్టుకోవడమే క్షేమం.

మన పెళ్లికి వద్దాం. డీఫాల్ట్ 30 నిమిషాలు అయితే ఫోన్ 2.50కి మోగుతుంది. గుంటూరు నుంచి విజయవాడకు 35 కిలోమీటర్ల పైచిలుకు. రాత్రి పూట కారులోనైనా ఇంచుమించు గంట వేసుకోవాలి. 2.50కి లేచినవాళ్లు ముహూర్తం చూడలేరు. ఇక్కడ ఫోన్ తప్పేమీ లేదు. మీరు రాసింది పెళ్లి జరిగే టైమ్, మీకు కావాల్సింది బయలుదేరే టైమ్. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఫోన్‌కు ఎవరో ఒకరు చెప్పాలి.

దీనికోసమే ఐఫోన్ క్యాలెండర్‌లో ఒక్కో కార్యక్రమానికి Travel Time అనే గడి ఉంది. అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే 5 నిమిషాల నుంచి 2 గంటల దాకా కొన్ని అంకెలు చూపిస్తుంది. గంట ప్రయాణం, బండి పెట్టి లోపలికి నడిచి పెద్దలను పలకరించడానికి అరగంట, మొత్తం గంటన్నర ఎంచుకుందాం. ఇప్పుడు క్యాలెండర్‌లో పెళ్లికి ముందు 1.50 నుంచి 3.20 వరకు ప్రయాణానికే కేటాయించినట్టు కనిపిస్తుంది. గుర్తింపులను ముహూర్తం నుంచి కాకుండా ప్రయాణం మొదలయ్యే క్షణం నుంచి లెక్కపెట్టుకునే వీలు వస్తుంది. Alert దగ్గర ప్రయాణానికి గంట ముందు అని పెడితే 12.50కి లేపుతుంది. Second Alert దగ్గర ప్రయాణం మొదలయ్యేటప్పుడు అని పెడితే 1.50కి తలుపు తాళం వేయమంటుంది. స్నానం, పట్టుచీర, పిల్లలను లేపడం అన్నీ ఆ మధ్య గంటలోనే.

ఈ గంటన్నర మీరు చెప్పిన అంకె. దారిలో ఏం జరిగినా అది మారదు. దారిని చూసి మారేది Time to Leave అనే మరో ఏర్పాటు, అదీ Default Alert Times పేజీలోనే ఉంటుంది. దీన్ని ఆన్ చేస్తే, మీరు ఆ క్షణంలో ఉన్న చోటు నుంచి కార్యక్రమం జరిగే చోటుకు ఎంతసేపు పడుతుందో ఆపిల్ మ్యాప్స్ ట్రాఫిక్‌తో సహా అంచనా వేస్తుంది. దాన్ని బట్టి ఇక బయలుదేరండని ఫోన్ చెబుతుంది. సాయంత్రం పని మీద తెనాలి వెళ్లి అక్కడే ఉండిపోయారనుకోండి, లెక్క గుంటూరు నుంచి కాకుండా తెనాలి నుంచి వేస్తుంది. మీరు పెట్టిన అంకెకు ఆ తెలివి లేదు.

అయితే ఇది పనిచేయాలంటే రెండు షరతులు. క్యాలెండర్‌కు మీ లొకేషన్ చూసే అనుమతి ఉండాలి. కార్యక్రమంలో చోటు పేరును మీరు టైప్ చేస్తుండగా కింద వచ్చే జాబితాలోంచే ఎంచుకోవాలి. ‘బెంజ్ సర్కిల్ దగ్గర ఫంక్షన్ హాల్’ అని చేత్తో రాసి వదిలేస్తే మనుషులకు అర్థమవుతుంది కానీ మ్యాప్‌కు అది చోటు కాదు, వట్టి అక్షరాలు. ఎంచుకున్న చోటు సరైనదైతే కార్యక్రమం తెరిచినప్పుడు చిన్న మ్యాప్ కనిపిస్తుంది. మ్యాప్ లేకపోతే ఆ గుర్తింపు మీద ఆశ పెట్టుకోవద్దు. ఉన్నా సరే, అది లెక్కపెట్టేది రోడ్డును మాత్రమే. బండికి చోటు వెతుక్కోవడం, అమ్మమ్మను చెయ్యి పట్టి మెట్లెక్కించడం దాని లెక్కలోకి రావు. అందుకే పైన వేసుకున్న అరగంటను మీరే కలుపుకోవాలి.

ఆండ్రాయిడ్‌లో గూగుల్ క్యాలెండర్ వాడేవాళ్లు ఇదే పనిని కూడికతో చేసుకోవచ్చు. ఒక్కో కార్యక్రమానికి 5 గుర్తింపుల దాకా పెట్టుకోనిస్తుంది. నిమిషాలు, గంటలు, రోజులు, వారాలు ఏ కొలతలోనైనా Custom దగ్గర మీకు నచ్చిన అంకె రాయవచ్చు. మన పెళ్లికి 150 నిమిషాల ముందు ఒకటి పెడితే 12.50కి, 90 నిమిషాల ముందు మరొకటి పెడితే 1.50కి వస్తాయి.

ముందు రోజే గుర్తు చేయించుకుందామని ‘1 రోజు ముందు’ కూడా పెట్టుకోవాలనిపిస్తుంది. ఇక్కడ జాగ్రత్త. టైమ్ ఉన్న కార్యక్రమానికి రోజు ముందు అంటే సరిగ్గా అదే గడియకు ముందు రోజు. ఫోన్ గురువారం తెల్లవారుజామున 3.20కి మోగుతుంది, మీరు గాఢనిద్రలో ఉంటారు. పొద్దున్నే చూసేటప్పటికి అది మిగతా మెసేజ్‌ల కింద పడి ఉంటుంది. దానికి బదులు 18 గంటల ముందు అని రాస్తే గురువారం ఉదయం 9.20కి వస్తుంది. కానుక కొనడానికి, కారు మాట్లాడుకోవడానికి పగలంతా చేతిలో ఉంటుంది. ఐఫోన్‌లో ఒక కార్యక్రమానికి పెట్టిన రెండు గుర్తింపులూ అయిపోయాయి కాబట్టి, గురువారానికి ‘ఈ రాత్రి పెళ్లి’ అని విడిగా ఒక All-day కార్యక్రమం రాసుకోండి. ఉదయం 9కి వచ్చే గుర్తింపు ఇక్కడ సరిగ్గా అక్కరకు వస్తుంది.

ఇన్ని చేసుకుని ఈ కార్యక్రమాన్ని ఇంట్లోవాళ్లకు కూడా ఇన్విటేషన్‌గా పంపితే, మీరు పెట్టుకున్న గుర్తింపులు వాళ్లకు వెళ్లవు. వెళ్లేది పేరు, టైమ్, చోటు మాత్రమే. ఎవరి ఫోన్‌లో వాళ్ల గుర్తింపులే పలుకుతాయి. అన్నయ్యకు వాడి డీఫాల్ట్ ప్రకారం 2.50కి వస్తే వాడు అప్పుడే లేస్తాడు. ఇక డాలస్‌లో ఉన్న చెల్లెలు పెళ్లిని లైవ్‌లో చూడాలంటే, కార్యక్రమం టైమ్ జోన్ ఇండియాది అయి ఉంటే చాలు. వేసవిలోనైతే తన ఫోన్ దాన్ని గురువారం సాయంత్రం 4.50గా తనే చూపిస్తుంది. 

చివరిగా మోత సంగతి. క్యాలెండర్ గుర్తింపు అలారం కాదు. ఒకసారి చిన్న శబ్దం చేసి స్క్రీన్ మీద నిలుస్తుంది, మీరు లేచేదాకా మోగుతూ ఉండదు. ఫోన్ సైలెంట్‌లో ఉంటే ఆ శబ్దమూ ఉండదు. నిద్రవేళకు Do Not Disturb దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టుకున్నవాళ్లకు 12.50 గుర్తింపు వినిపించకుండానే దాటిపోవచ్చు. ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్ నోటిఫికేషన్లు పంపాలంటే మన అనుమతి కావాలి. ఫోన్ కొత్తగా కొన్న రోజున ఆ ప్రశ్నకు వద్దని నొక్కి ఉంటే క్యాలెండర్‌కు నోరే ఉండదు. తెలుసుకోవడం సులువు: ఇప్పటికి పది నిమిషాల తర్వాత జరిగేలా ఒక ఉత్తుత్తి కార్యక్రమం రాసి, 5 నిమిషాల ముందు గుర్తింపు పెట్టి, ఫోన్ లాక్ చేసి పక్కన పెట్టండి. శబ్దం వస్తే సరే. రాకపోతే మొదట యాప్ నోటిఫికేషన్ అనుమతి, తర్వాత సైలెంట్, ఆ తర్వాత Do Not Disturb చూడండి.

పరీక్ష నెగ్గినా, నిద్రలోంచి లేవాల్సిన 12.50 మాత్రం గడియారం యాప్‌లో అలారంగా పెట్టుకోండి. ఐఫోన్‌లో ఆ అలారం సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది, మీరు ఆపేదాకా ఆగదు. ఆండ్రాయిడ్‌లో అలారం శబ్దానికి విడిగా వాల్యూమ్ ఉంటుంది, పడుకునే ముందు అది తగ్గించి లేదని చూసుకోండి. ఏ పనులు ఎప్పుడని చెప్పడం క్యాలెండర్‌కు వదిలేయవచ్చు. నిద్ర లేపే పని అలారానిదే.