ఖర్చు కాదు... జరిగిన పనికి విలువ కట్టాలి
నిర్మాణ పనుల అసలు స్థితిని తేల్చే ‘ఆర్జిత విలువ’ లెక్క

నిజామాబాద్: ఏదైనా నిర్మాణ పనిపై సమీక్ష జరిగితే సాధారణంగా వినిపించే మాట ‘నిధుల్లో ఇంత శాతం ఖర్చయింది’ అని. ఖర్చు అనుకున్నంతే ఉంటే పని సవ్యంగా సాగుతున్నట్లు భావిస్తారు. అయితే డబ్బు ఎంత పోయిందన్నది ఒక లెక్క, ఆ డబ్బుకు ఎంత పని వచ్చిందన్నది మరో లెక్క. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపే పద్ధతినే ఇంజినీర్లు ‘ఎర్న్‌డ్ వాల్యూ’ అంటారు. తెలుగులో ఆర్జిత విలువ అనుకోవచ్చు. 1960వ దశకంలో అమెరికా రక్షణ శాఖ తన భారీ కాంట్రాక్టుల కోసం దీనికి నిబంధనలు రూపొందించింది.

చెరకు రైతులకు ఇది కొత్త విషయమేమీ కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడక ముందు రైతు ఎరువులకు, కూలీలకు ఎంత పెట్టాడని అక్కడ ఎవరూ అడిగేవారు కాదు. కాటా మీద తూగిన టన్నులకే ధర కట్టేవారు. నిర్మాణంలోనూ అంతే. పని కొలతకు నిలిచినంత మేరకే, ముందుగా ఒప్పుకున్న ధర ప్రకారం, విలువ ఆర్జించినట్లు లెక్క.

ఒక రోడ్డు కథ

బోధన్ పరిసరాల్లో 10 కిలోమీటర్ల తారు రోడ్డు పని మంజూరైందని అనుకుందాం. ఇది లెక్క తెలియడానికి ఊహించిన ఉదాహరణ మాత్రమే. అంచనా 10 కోట్ల రూపాయలు, గడువు జనవరి నుంచి అక్టోబరు వరకు 10 నెలలు. కిలోమీటరుకు కోటి చొప్పున, అందులో మట్టి పని, కల్వర్టులకు 30 లక్షలు, కంకర పొరలకు 40 లక్షలు, తారుకు 30 లక్షలు అని ముందే నిర్ణయించారు. నెలకు కోటి రూపాయల పని జరగాలన్నది ప్రణాళిక.

మే నెలాఖరుకు 5 కోట్ల పని పూర్తి కావాలి. ఖర్చు 4 కోట్ల 80 లక్షలు అయింది. ‘5 కోట్లకు 20 లక్షలు తక్కువే, పని అదుపులోనే ఉంది’ అని నివేదిక వెళ్తుంది. ఇక రోడ్డు వెంట వెళ్లి చూసిన వారికి 8 కిలోమీటర్ల మేర మట్టి పని కనిపిస్తుంది కాబట్టి ‘80 శాతం అయిపోయింది’ అనిపిస్తుంది. ఈ రెండూ తప్పే.

కొలతలు తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. మట్టి పని 8 కిలోమీటర్లు పూర్తయింది కనుక దాని విలువ 2 కోట్ల 40 లక్షలు. కంకర 4 కిలోమీటర్లే పడింది కనుక కోటీ 60 లక్షలు. తారు ఎక్కడా వేయలేదు. వెరసి ఆర్జించిన విలువ 4 కోట్లు. అంటే జరగవలసిన పనికి కోటి రూపాయల మేర వెనుకబడ్డారు. జరిగిన పనికి 80 లక్షలు అదనంగా పెట్టారు. ఆదా అయిందన్న 20 లక్షలు నిజానికి ఆదా కాదు, పని జరగకపోవడం వల్ల మిగిలిన సొమ్ము.

ఆ 80 లక్షలు ఎటు పోయాయి? నల్లరేగడి నేల ఉన్నచోట అనుకున్న దానికంటే లోతుగా తవ్వి మొరం నింపవలసి వచ్చిందనుకోండి. కొలతల పుస్తకంలో ఆ మట్టి పరిమాణం పెరుగుతుంది, బిల్లూ పెరుగుతుంది. కానీ రోడ్డు ఒక్క అడుగు ముందుకు జరగదు. అందుకే అదనపు పరిమాణాన్ని ఖర్చులోనే చూపాలి తప్ప ఆర్జిత విలువలో కలపరాదు. చాలాచోట్ల లెక్క తప్పేది ఇక్కడే.

ఆర్జించిన 4 కోట్లను ఖర్చయిన 4.80 కోట్లతో భాగిస్తే 0.83 వస్తుంది. అంటే పెట్టిన ప్రతి రూపాయికీ 83 పైసల పనే చేతికొచ్చింది. ఈ సూచికను ఆంగ్లంలో సీపీఐ అని పొట్టిగా పిలుస్తారు; ఎర్రజెండా పార్టీకి దీంతో సంబంధం లేదు. ఇదే తీరు కొనసాగితే మొత్తం పనికి 12 కోట్లు కావాలి. రేగడి నేల ఇబ్బంది తీరిపోయి, మిగిలిన 6 కోట్ల పని అంచనా ధరకే పూర్తయితే 10 కోట్ల 80 లక్షలతో సరిపోతుంది. ఈ రెండింటిలో ఏది నిజమవుతుందో లెక్క చెప్పదు. మిగిలిన 2 కిలోమీటర్ల నేల ఎలాంటిదో క్షేత్రంలోకి దిగి చూసిన ఇంజినీరు చెప్పాలి.

గడువు సంగతీ అంతే. ఆర్జించిన 4 కోట్లను ప్రణాళికలోని 5 కోట్లతో భాగిస్తే 0.8 వస్తుంది. ఆ లెక్కన 10 నెలల పనికి పన్నెండున్నర నెలలు పడుతుంది. అయితే జూన్ తర్వాత వానలకు తారు పని ఆగుతుందన్న విషయం ఈ భాగహారానికి తెలియదు. కాబట్టి అసలు జాప్యం ఇంకా ఎక్కువే ఉంటుంది.

పెండింగ్ బిల్లులతో తారుమారు

ఈ లెక్కలో ఖర్చు అంటే చెల్లించిన సొమ్ము కాదు, జరిగిన పనికి అయిన వ్యయం. పై ఉదాహరణలో 4.80 కోట్లకు గాను 3 కోట్ల 50 లక్షల బిల్లులే మంజూరై, మిగిలినవి పెండింగ్‌లో ఉన్నాయనుకుందాం. చెల్లింపుల పద్దునే ఖర్చుగా తీసుకుంటే సూచిక 1.14కు ఎగబాకుతుంది. నష్టంలో ఉన్న పని కాగితంపై లాభాల్లోకి వస్తుంది. బకాయిలు ఎంత పెరిగితే సూచిక అంత బాగా కనిపిస్తుందన్నమాట!

దీనికి విరుద్ధమైన పొరపాటూ ఉంది. రోడ్డు పక్కన కుప్పపోసిన కంకరను, కాంట్రాక్టరుకు ముందుగా ఇచ్చిన అడ్వాన్సును పనిగా చూపితే విలువ పెరిగిపోతుంది. కంకర పరిచి, రోలర్ తిరిగి, కొలతకు నిలిచిన తర్వాతే అది ఆర్జితమవుతుంది.

సాఫ్ట్‌వేర్ పనిలో కొలతే పెద్ద చిక్కు. నిజామాబాద్‌లో 2023 ఆగస్టులో ఐటీ హబ్ ప్రారంభమైంది. అటువంటి చోట పనిచేసే బృందాన్ని అడిగితే ‘90 శాతం అయింది’ అనే సమాధానం నెలల తరబడి మారకపోవచ్చు. అక్కడ టేపు పెట్టి కొలవడానికి ఏమీ ఉండదు. అందుకే పనిని చిన్న భాగాలుగా విడగొట్టి, పరీక్షలో నెగ్గిన భాగానికి పూర్తి విలువ, నెగ్గని దానికి సున్నా ఇచ్చే కఠిన నియమం పాటిస్తారు.

పూర్తయ్యాక మాయమయ్యే జాప్యం

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. దాన్ని చూపడానికి జిల్లా వాసులకు తెలిసిన పెద్దపల్లి-నిజామాబాద్ రైలు మార్గం చాలు. సుమారు 177 కిలోమీటర్ల ఈ మార్గానికి 1993లో బీజం పడింది. ముక్కలు ముక్కలుగా పూర్తవుతూ వచ్చి 2017లో గానీ నిజామాబాద్‌కు రైలు చేరలేదు. మార్గం మొత్తం పూర్తయింది కనుక జరగవలసిన పని, జరిగిన పని సమానం. రెండింటినీ భాగిస్తే సరిగ్గా ఒకటి వస్తుంది. దాదాపు పాతికేళ్ల నిరీక్షణ సూచికలో ఎక్కడా కనిపించదు. ఎంత ఆలస్యమైన పనికైనా చివర్లో ఇదే జరుగుతుంది. అందువల్ల పని చివరి దశకు చేరాక ఈ గడువు సూచికను నమ్మడానికి లేదు.

ఈ లోపాన్ని సవరించేందుకు వాల్ట్ లిప్కే అనే అమెరికన్ 2003లో ఒక మార్గం సూచించారు. వెనుకబాటును రూపాయల్లో కాక నెలల్లో కొలవాలన్నదే ఆ సూచన. మన రోడ్డు ఉదాహరణలో 4 కోట్ల పని ప్రణాళిక ప్రకారం ఏప్రిల్ నెలాఖరుకు జరగాలి. మే నెలాఖరుకు జరిగింది. అంటే ఒక నెల జాప్యం. రోడ్డు పూర్తయిన తర్వాత కూడా ఈ జాప్యం లెక్కలో చెరిగిపోదు.

ప్రభుత్వ పనిపై ఈ లెక్క వేయాలనుకునే వారు సమాచార హక్కు చట్టం కింద మూడు పత్రాల నకళ్లు కోరవచ్చు. ఒప్పందంతో పాటు జత చేసిన నెలవారీ పనుల ప్రణాళిక, తాజా నమోదులతో కొలతల పుస్తకం, పెండింగ్ బిల్లులతో సహా వ్యయ వివరాలు. మూడూ ఒకే తేదీ నాటివై ఉండాలి. మార్చి నాటి కొలతలను మే నాటి ఖర్చుతో పోల్చితే సవ్యంగా ఉన్న పని కూడా నష్టాల్లో ఉన్నట్లే తేలుతుంది.