సంత బొమ్మలో పేర్లు, పనులు

రెండో తరగతి తెలుగు వర్క్‌షీటు ఒకదాన్ని ఊహించుకోండి. పై సగమంతా సంత బొమ్మ. చింతచెట్టు కింద కూరగాయల గంపలు, తక్కెడ పట్టుకున్న తాత, పూలు కడుతున్న అవ్వ, ఏడుస్తున్న పిల్లాడు, అరటి తొక్క నములుతున్న మేక. కింద రెండు గడులు. ఒకదాంట్లో పేర్లు రాయాలి, రెండోదాంట్లో పనులు. నామవాచకం, క్రియ అన్న మాటలు ఇంకా రావు. ఆ వయసుకు అక్కర్లేదు కూడా.

బొమ్మ చూపి మాటలు నేర్పడం పాత పద్ధతే. 1658లో నూరెంబర్గులో అచ్చయిన కొమేనియస్ పుస్తకంలో బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, పక్కనున్న వాక్యాల్లో అవే అంకెలు ఇచ్చారు.

పేర్ల గడి ఇట్టే నిండుతుంది. మేక, గంప, చెట్టు వేలు పెట్టి చూపించగలిగినవే. చిక్కంతా పనుల దగ్గరే, ఎందుకంటే బొమ్మ కదలదు. ఒకామె చేతిలో వంకాయ ఉందనుకుందాం. ఆమె అమ్ముతోందా, కొంటోందా? ఎవరు ఏది రాసినా తప్పనలేం. అందుకే ఆమె చేతికి సంచీ తగిలించి, ఎదురుగా గంపల వెనక మరో మనిషిని కూర్చోబెట్టాలి.

ఇంకో రకం పొరపాటు పిల్లలు తరచూ చేసేదే. తూకం, బేరం, ఏడుపు పనుల గడిలోకి వెళ్లిపోతాయి. వాటిలో కదలిక వినిపిస్తుంది కాబట్టి అలా రాయడం సహజం. అప్పుడు చివర ‘తున్నాడు’ పలికించి చూడమనాలి. తూస్తున్నాడు, ఏడుస్తున్నాడు అంటాం. బేరం దగ్గర మాత్రం ‘బేరం ఆడుతున్నాడు’ అనాల్సిందే. పని ‘ఆడు’లో ఉంది, బేరం పేరు. పైగా బేరానికి, తూకంలో, ఏడుపుతో అని విభక్తులు చేరతాయి. ‘నవ్వు’ మాత్రం రెండు గడుల్లోనూ ఇముడుతుంది. నవ్వులు అన్నా సరే, నవ్వుతోంది అన్నా సరే. జవాబుల తాళంలో దీనికి ఒకే చోటు ఇస్తే పిల్లలకు అన్యాయం జరుగుతుంది.

చివర పేరునీ పనినీ గీతతో కలిపే అభ్యాసం ఉంటుంది. ఇక్కడ తెలుగు క్రియ గుట్టు విప్పేస్తుంది. ‘తూస్తున్నాడు’ అని ఇస్తే మేక, అవ్వ పక్కకు తప్పుకుంటాయి. బొమ్మ చూడకుండానే తాతకు గీత గీసేయొచ్చు. ‘కడుతోంది’, ‘నములుతోంది’ పక్కపక్కనే ఇస్తే అలా కుదరదు. అవ్వకూ మేకకూ క్రియ చివర ఒకేలా ఉంటుంది కనుక పిల్లలు బొమ్మలోకి తొంగిచూడాల్సిందే. రెండు రకాలూ కలిపి ఇచ్చిన వర్క్‌షీటే మంచిది.

అయితే బొమ్మకు ఒక హద్దుంది. కంటికి కనిపించేదే పేరు అన్న భావన పిల్లల్లో నాటుకుపోతుంది. దీనికి మందు టీచరు అడిగే ఒక్క ప్రశ్నలో ఉంది: ‘ఆ పిల్లాడు ఎందుకు ఏడుస్తున్నాడు?’ ‘ఆకలితో’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ ఆకలిని బొమ్మలో ఎక్కడా గీయలేదు. అయినా పేర్ల గడిలో మేక కింద దాన్నీ రాయించాలి.