మేకుల పలకపై వెలిసిన వంపు

1873లో లండన్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక పలక చేయించాడు. మరుసటి ఏడాది రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసంలో దాన్ని సభికుల ముందు పెట్టాడు. అద్దం బిగించిన సన్నటి చెక్కపెట్టె అది. పైన గరాటు, దాని కింద వరుస తరవాత వరుసగా మేకులు, అట్టడుగున నిలువు గడులు ఉంటాయి. గరాటులోంచి చిన్న సీసపు గుండ్లు జారి, మేకులకు తగులుతూ కిందికి దిగుతాయి. అన్నీ దిగాక చూస్తే నడిమి గడులు నిండుగా, అంచు గడులు దాదాపు ఖాళీగా కనిపిస్తాయి. పెట్టెను తలకిందులు చేస్తే గుండ్లన్నీ వెనక్కి వస్తాయి, ఆట మళ్ళీ మొదలవుతుంది. గాల్టన్ దీన్ని క్విన్‌కంక్స్ అన్నాడు. ఇప్పుడందరూ గాల్టన్ బోర్డు అంటున్నారు.

ఆ కుప్ప గంట ఆకారంలోకి ఎందుకు వస్తుంది? 16 వరుసల మేకులున్న పలకను తీసుకుందాం. ప్రతి వరుసలోనూ గుండు ఎడమకో కుడికో తిరుగుతుంది. అలా మొత్తం 65,536 దారులు ఏర్పడతాయి. ఎడమ చివరి గడికి చేరాలంటే పదహారుసార్లూ ఎడమకే తిరగాలి కాబట్టి అక్కడికి ఒకే దారి ఉంది. నడిమి గడికి మాత్రం 12,870 దారులున్నాయి. ఎక్కువ దారులున్న చోటే ఎక్కువ గుండ్లు చేరతాయి.

ఇక కుప్ప ఎంత వెడల్పుగా పరుచుకుంటుందో చూద్దాం. ఒక్కో మేకు గుండును సగం గడి దూరం పక్కకు నెడుతుంది. సగానికి వర్గం పావు. పదహారు పావులు కలిపితే 4, దాని వర్గమూలం 2. అంటే ఈ పలక మీద ప్రామాణిక విచలనం రెండు గడులు. కుప్పను కొలవడానికి మనకు దొరికిన కొలబద్ద ఇదే.

వెయ్యి గుండ్లు వదిలామనుకుందాం. నడిమి గడిలో దాదాపు 196, దానికి అటూ ఇటూ ఉన్న గడుల్లో 175 చొప్పున, ఆ పక్క గడుల్లో 122 చొప్పున పడాలి. నడిమి నుంచి రెండు గడుల దూరంలో గీత గీస్తే, అది 122 గుండ్లున్న గడి మధ్యలోంచి పోతుంది. అందుకే ఆ రెండు గడుల్లోనూ సగం సగమే, అంటే 61 చొప్పున లెక్కించాలి. మొత్తం 668, దాదాపు 67 శాతం. ఇదే పద్ధతిలో నాలుగు గడుల దూరం వరకు లెక్కపెడితే 951, ఆరు గడుల వరకైతే సుమారు 998 వస్తాయి.

వరుసలు పెరిగేకొద్దీ గడుల మెట్లు కలిసిపోయి నునుపైన వంపు ఏర్పడుతుంది. అప్పుడు ఈ వాటాలు 68.3, 95.4, 99.7 శాతాల దగ్గర నిలుస్తాయి. ఈ పలక పుట్టడానికి 140 ఏళ్ళ ముందే, 1733లో, లండన్‌లో స్థిరపడిన ఫ్రెంచి గణితవేత్త అబ్రహాం ద మువావ్ర్ నాణేల పందేల లెక్కలోంచి ఆ మొదటి వాటాను 0.682688గా రాబట్టాడు. ఆయన కాగితం మీద కట్టిన లెక్కను గాల్టన్ సీసపు గుండ్లతో కళ్ళకు కట్టాడు.

వంపును చదివేటప్పుడు చాలామంది తడబడేది ఎత్తు దగ్గర. ఒక ప్రామాణిక విచలనం దూరంలో వంపు ఎత్తు శిఖరంలో దాదాపు 61 శాతం ఉంటుంది. అది గుండ్ల వాటా కాదు. వాటాను చెప్పేది రెండు గీతల మధ్య, వంపు కింద ఉన్న వైశాల్యం. వరుసలను 64కు పెంచితే విచలనం నాలుగు గడులవుతుంది, శిఖరం సుమారు సగానికి తగ్గుతుంది. అయినా ఒక విచలనం లోపలి వైశాల్యం 68 శాతం దగ్గరే ఉంటుంది. అచ్చువేసిన వంపు మీద ఆ గీత ఎక్కడ పడుతుందో కంటితోనే పట్టుకోవచ్చు. శిఖరం నుంచి దిగుతూ వస్తే, వంపు ఎక్కడ అత్యంత నిటారుగా ఉండి, అక్కడినుంచి బయటికి విచ్చుకోవడం మొదలుపెడుతుందో అదే ఒక విచలనం దూరం. రెండు వైపులా సమానం కాబట్టి ఆ గీతకు కుడివైపు మిగిలేది 32లో సగం, అంటే 16 శాతం.

పలక పక్కకు ఒరిగితే సగటు జరుగుతుంది. అయినా కొత్త సగటు నుంచి కొలిస్తే వాటాలు దాదాపు అవే వస్తాయి. అసలు చిక్కు రెండు గరాటులు పెట్టినప్పుడు వస్తుంది. వాటి మధ్య ఎనిమిది గడుల దూరం ఉంటే రెండు మూపురాలు లేస్తాయి. సగటు వాటి మధ్య లోయలో పడుతుంది, మొత్తం గుండ్లకు విచలనం దాదాపు నాలుగున్నర గడులవుతుంది. ఆ కొలబద్దతో కొలిస్తే ఒక విచలనంలో దాదాపు 59 శాతం, రెండు విచలనాల్లో 99 శాతం గుండ్లు దొరుకుతాయి. సగటు, విచలనం ఏ కుప్పకైనా కట్టవచ్చు. 68, 95 అనే వాటాలు మాత్రం ఈ వంపుకే చెందినవి.

అంచుల్లో పలకకూ వంపుకూ కూడా తేడా ఉంది. 16 వరుసల పలకలో ఏ గుండూ నడిమి నుంచి ఎనిమిది గడులు, అంటే నాలుగు విచలనాలు దాటి పడదు. వంపు తోకకు మాత్రం అంతమే లేదు. కాబట్టి చేతిలో కొత్త దత్తాంశం ఉన్నప్పుడు ముందు ఒక విచలనం లోపల, తరవాత రెండింటి లోపల ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టాలి. 68, 95 శాతాలకు అవి చాలా దూరంగా ఉంటే ఆ దత్తాంశానికి ఈ వంపు వాటాలను వాడకూడదు. దగ్గరగా వచ్చినా అది నడిమి భాగం గురించే చెబుతుంది. అరుదైన అంచుల గురించి ఏమైనా అనాలంటే అక్కడి అంకెలను విడిగా లెక్కపెట్టి చూడాల్సిందే.