అతుకు ఊడిన గొట్టం

ఖాళీ అయిన అగరబత్తి పెట్టెను రెండు కొసలా పట్టుకుని తడిబట్ట పిండినట్టు తిప్పితే అది మొండికేస్తుంది. అదే పెట్టెను ఒక అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా బ్లేడుతో చీల్చి మళ్లీ తిప్పితే చేతికి అడ్డమంటూ ఏమీ తగలదు. అట్ట పిసరంత కూడా తగ్గలేదు, పలకలు నాలుగూ అలాగే ఉన్నాయి. పోయిందల్లా ఒక్క అతుకు.

రోడ్డు పక్కన సైన్‌బోర్డు మోసే స్తంభానిదీ ఇదే కథ. బోర్డు స్తంభానికి నడినెత్తిన కాకుండా ఒక పక్కకు చాచిన చేతికి వేలాడుతుంటే, గాలి కొట్టిన ప్రతిసారీ స్తంభం వంగడంతో పాటు మెలి కూడా తిరుగుతుంది. చదరపు మీటరు బోర్డు మీద గంటకు 145 కిలోమీటర్ల వేగంతో గాలి కొడితే దాదాపు 1000 న్యూటన్ల బలం పడుతుంది. అంటే వంద కిలోల బరువంత. విశాఖ వాసులు 2014 అక్టోబరులో హుద్‌హుద్ నాడు ఇంతకన్నా పెద్ద గాలినే చూశారు. బోర్డు నడుమ భాగం స్తంభానికి మీటరు దూరంలో ఉంటే, స్తంభాన్ని మెలితిప్పే టార్క్ 1000 న్యూటన్ మీటర్లు.

ఈ టార్క్‌ను గొట్టం గోడలు ఎలా పంచుకుంటాయి? గుండ్రటి గొట్టానికి ఈ లెక్క ఎప్పటినుంచో తెలుసు. గుండ్రంగా లేని పల్చటి గొట్టానికి తేలికైన సూత్రాన్ని 1896లో రుడాల్ఫ్ బ్రెట్ అనే జర్మన్ ఇంజినీరు ప్రచురించాడు. ఆయన పని క్రేన్ల తయారీ. బరువులు ఎత్తే యంత్రాలతో రోజూ కుస్తీపట్టే మనిషికి ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి వచ్చి ఉండదు.

కత్తెర అలుగుల్లా పక్కపక్క పొరలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారాలని చూస్తే ఆ ఒత్తిడిని షియర్ అంటారు. మెలి తిరిగే గొట్టంలో ఈ షియర్ గోడ వెంబడే చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే వస్తుంది. ఒత్తిడిని గోడ మందంతో గుణిస్తే వచ్చేదే షియర్ ఫ్లో. గోడ ఒకచోట మందంగా, ఇంకోచోట పల్చగా ఉన్నా ఈ విలువ మాత్రం చుట్టూ ఒక్కటే. పంటకాలువలో నీళ్లలాగే. కాలువ ఇరుకైన చోట నీరు వడిగా పోతుంది, వెడల్పైన చోట నెమ్మదిస్తుంది. పారే నీటి మొత్తం మాత్రం రెండు చోట్లా అంతే. గోడలో కూడా పల్చటి చోట ఒత్తిడి పెరుగుతుంది, మందమైన చోట తగ్గుతుంది.

ఆ ఫ్లో ఎంతో తేల్చడానికి బ్రెట్ దారి ముచ్చటగా ఉంటుంది. గొట్టాన్ని అడ్డంగా కోసినట్టు ఊహించుకుని, లోపల ఎక్కడో ఒక చుక్క పెట్టాలి. గోడలోని ప్రతి చిన్న ముక్కా ఆ చుక్క చుట్టూ కొంత మెలిని తట్టుకుంటుంది. ఎంతంటే ఫ్లో, ముక్క పొడవు, చుక్క నుంచి దాని లంబదూరం, ఈ మూడింటి గుణకారమంత. పొడవును లంబదూరంతో గుణిస్తే చుక్కకూ ముక్కకూ మధ్య ఏర్పడే త్రిభుజ వైశాల్యానికి రెట్టింపు. ముక్కలన్నీ కలిపితే ఆ త్రిభుజాలు గొట్టం లోపలి జాగానంతా నింపేస్తాయి. కాబట్టి:

q = T / (2A)

ఇక్కడ T టార్క్, q షియర్ ఫ్లో. A అంటే గోడ మందానికి సరిగ్గా మధ్యన గీసిన గీత చుట్టుకున్న వైశాల్యం. ఇనుము వైశాల్యం కాదు, ఎక్కువగా ఖాళీ జాగాయే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

మన స్తంభాన్ని లెక్కకు వీలుగా 100 × 50 మిల్లీమీటర్ల గొట్టం అనుకుంటే (కొలతలు మధ్యగీత వెంట, గోడ మందం 4 మి.మీ.), లోపలి వైశాల్యం 5000 చదరపు మి.మీ. ఫ్లో మి.మీ.కు 100 న్యూటన్లు వస్తుంది. దాన్ని 4తో భాగిస్తే ఒత్తిడి చదరపు మి.మీ.కు 25 న్యూటన్లు. మామూలు ఉక్కుకు ఇదొక లెక్క కాదు. ఇక ఎంత తిరుగుతుందన్నది రెండో సూత్రం చెబుతుంది:

θ = (T × L) / (4 × A² × G) × Σ(s / t)

చివరి పదం చుట్టుదారి లెక్క. ఒక్కో గోడ పొడవును దాని మందంతో భాగించి అన్నీ కూడాలి. ఇక్కడ 300ను 4తో భాగిస్తే 75. L స్తంభం ఎత్తు, G ఉక్కు షియర్ గట్టిదనం, అంటే చదరపు మి.మీ.కు సుమారు 80,000 న్యూటన్లు. మూడు మీటర్ల స్తంభం కొసన మెలి దాదాపు 1.6 డిగ్రీలు. కింద నిలబడి చూసేవాడి కంటికి ఆనదు.

ఇప్పుడు అతుకు ఊడిందనుకుందాం. ఫ్లో చుట్టూ తిరిగే దారి తెగింది కాబట్టి గోడ బయటి సగంలో అటు పోయి, అదే గోడ లోపలి సగంలో ఇటు రావాలి. రాకపోకల మధ్య ఎడం ఇంతకుముందు గొట్టం వెడల్పంత ఉండేది. ఇప్పుడది 4 మి.మీ.లోపే. లెక్క వేస్తే గట్టిదనం 208వ వంతుకు పడిపోతుంది, ఒత్తిడి 625కు ఎగబాకుతుంది. మామూలు ఉక్కు లొంగిపోయే హద్దు 250 ప్రాంతం. కాగితం మీద మెలి ఇంచుమించు పూర్తి చుట్టు వస్తుంది గానీ, అంతదాకా రాకముందే స్తంభం పాడవుతుంది.

బజారులో దొరికే నలుపలకల గొట్టం కూడా మొదట రేకే. దాన్ని మడిచి అంచుల్ని వెల్డ్ చేస్తేనే గొట్టమవుతుంది. ఆ వెల్డ్ మీద పొడవునా ప్రతి మిల్లీమీటరుకూ మన 100 న్యూటన్లు పడతాయి. ఫ్యాక్టరీ అతుకు ఆగకుండా సాగుతుంది కనుక బెంగలేదు. చిక్కంతా చిన్న షెడ్డుల్లో రెండు ఛానెళ్లను ఎదురెదురుగా పెట్టి, ప్రతి 150 మి.మీ.కు 25 మి.మీ. చొప్పున టాక్ కొట్టి పెట్టె చేసినప్పుడు వస్తుంది. ఆ 150 మి.మీ. మీది 15,000 న్యూటన్లనూ ఒక్క టాకే మోయాలి. వెల్డ్ మందం 3 మి.మీ. అయితే ఒత్తిడి 200. గోడలో 25 ఉన్నది అతుకు దగ్గర ఎనిమిది రెట్లయింది. ముందు పెయింటు మీద వెంట్రుకంత గీత కనిపిస్తుంది, ఆ గీత వెంటే తుప్పు నీరు కారుతుంది. చాలామంది దాన్ని పెయింటు లోపమనుకుని మీద ఇంకో పూత కొట్టిస్తారు.

తుప్పు మాత్రం ఇంత దారుణం కాదు. 100 మి.మీ. గోడ ఒకటి సగం తిని 2 మి.మీ. అయినా ఫ్లో మారదు, ఆ గోడలో ఒత్తిడి 50 అవుతుంది. చుట్టుదారి లెక్క 75 నుంచి 100కు పెరిగి, మెలి మూడోవంతు పెరుగుతుంది. చుట్టు తెగనంతవరకు గొట్టం గొట్టంగానే పనిచేస్తుంది.

ఈ సూత్రాలకూ హద్దులున్నాయి. గోడ మరీ పల్చనైతే ఒత్తిడి హద్దు దాటకముందే రేకు ఏటవాలుగా ముడతలు పడుతుంది. లోపలి మూలలు పదునుగా ఉంటే అక్కడ ఒత్తిడి లెక్కలో చూపిన దానికన్నా ఎక్కువ. బోర్డు చెయ్యి స్తంభానికి తగిలేచోట గట్టి పలక పెట్టకపోతే నలుపలకల గొట్టం అక్కడ ఓరగా నొక్కుకుపోతుంది. అప్పుడు ఈ లెక్క ఆ రూపానికి వర్తించదు.

వీధిదీపాల స్తంభాలకు అడుగున వైర్లు కలిపే చిన్న తలుపు ఉంటుంది. స్తంభం పొడవులో ఆ కాస్త మేర గొట్టం చుట్టు తెగినట్టే. పైనా కిందా మూసిన భాగం పట్టి ఉంచుతుంది కాబట్టి దెబ్బ 208 రెట్లు పడదు గానీ, ఒత్తిడి మాత్రం తలుపు మూలల్లోకి పోగవుతుంది. అందుకే ఆ రంధ్రం చుట్టూ మందపాటి చట్రాన్ని వెల్డ్ చేస్తారు, మూలల్ని గుండ్రం చేస్తారు. మూత ఊరికే స్క్రూతో బిగించినది కాబట్టి బలానికి అది లెక్కలోకి రాదు. స్తంభాన్ని తనిఖీ చేసేవాళ్లు టార్చిలైటు పట్టుకుని ముందు వెతికేది ఆ నాలుగు మూలల్లో పగుళ్ల కోసమే.