తలంబ్రాల వీడియోలో స్పష్టమైన ఫ్రేమ్ ఏది?

తలంబ్రాల వేళ మంచి ఫొటో దొరకడం కష్టం. వధూవరులు పోటీపడి దోసిళ్లు ఎత్తుతుంటారు, తలలు అటూ ఇటూ కదులుతుంటాయి, అందరికీ కావలసిన ఆ నవ్వు ఒక్క క్షణమే ఉంటుంది. ఫొటోలో అది చిక్కకపోయినా వీడియోలో ఉండే అవకాశం ఎక్కువ. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో నాలుగు సెకన్ల ముక్క తీసుకుంటే 120 బొమ్మలు చేతికొస్తాయి. ఫోన్‌లో బరస్ట్ మోడ్‌లో తీసినా ఇదే పరిస్థితి: బొమ్మలు బోలెడు, వాటిలో చాలావరకు కాస్తో కూస్తో అలికినట్టు ఉంటాయి. అన్నింటిలోకీ స్పష్టమైనది ఏదో కంటితో వెతకబోతే ఇరవై బొమ్మలు దాటేసరికి అన్నీ ఒకేలా కనిపించడం మొదలవుతుంది. ఆ పని కంప్యూటర్‌కు అప్పగించడానికి తేలికైన లెక్క ఒకటి ఉంది. దాని పేరు లాప్లాసియన్ వేరియన్స్.

ముందు బొమ్మను నలుపు తెలుపుగా మారుస్తారు. అప్పుడు ప్రతి పిక్సెల్ 0 నుంచి 255 వరకు ఒక అంకె అవుతుంది. నలుపు 0, తెలుపు 255. బొమ్మ స్పష్టంగా ఉందంటే అర్థం ఏమిటి? నల్లటి కనుబొమ పక్కనే నుదురు మొదలయ్యే చోట అంకె చటుక్కున మారాలి. అలికిన బొమ్మలో అదే మార్పు నాలుగైదు పిక్సెళ్ల మేర మెల్లగా సాగుతుంది. ఈ తేడాను పట్టుకోవడమే లాప్లాసియన్ పని. ఒక పిక్సెల్‌కు పైన, కింద, ఎడమ, కుడి ఉన్న నాలుగు అంకెలను కూడి, అందులోంచి ఆ పిక్సెల్ అంకెకు నాలుగు రెట్లు తీసేస్తే చాలు.

ఒక్క వరుసతో చేసి చూద్దాం. అంచు నిలువుగా ఉంటే పైనా కిందా ఉన్న అంకెలు మధ్య అంకెతో సమానం కాబట్టి అవి లెక్కలో కొట్టుకుపోతాయి. మిగిలేది ఎడమ, కుడి అంకెల మొత్తంలోంచి మధ్య అంకెకు రెండింతలు తీసేయడమే. స్పష్టమైన అంచు ఇలా ఉందనుకోండి: 50, 50, 50, 50, 200, 200, 200, 200. చివరి 50 దగ్గర జవాబు 150. మొదటి 200 దగ్గర మైనస్ 150. మిగతా అన్నిచోట్లా సున్నా. అదే అంచు అలికిపోతే 50, 50, 80, 110, 140, 170, 200, 200 అవుతుంది. ఇక్కడ వాలు మొదలయ్యే చోట 30, ముగిసే చోట మైనస్ 30, మధ్యలో అంతా సున్నా. అంకె ఒకే తీరున పెరుగుతున్నంతసేపు లాప్లాసియన్ దాన్ని పట్టించుకోదు. హఠాత్తుగా జరిగే మార్పే దానికి కనిపిస్తుంది.

ఈ జవాబులు ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే అంకె వేరియన్స్. సగటు నుంచి ప్రతి జవాబు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలకు సగటు తీస్తారు. పై రెండు వరుసల్లోనూ రెండు కొసలు వదిలేస్తే ఆరేసి జవాబులు మిగులుతాయి, వాటి సగటు సున్నా. స్పష్టమైన అంచుకు వేరియన్స్ 7500 వస్తుంది, అలికిన అంచుకు 300. కంటికి కొద్దిపాటిగా అనిపించే తేడా లెక్కలో 25 రెట్లు అయింది. పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది.

దీన్ని వాడుకలోకి తెచ్చినవాళ్లు పెళ్లి ఫొటోల వాళ్లు కాదు. 2000లో బార్సెలోనాలో జరిగిన ఒక సదస్సులో పెచ్-పచెకో, ఆయన సహచరులు సూక్ష్మదర్శినికి ఆటోఫోకస్ ఎలా కుదర్చాలో వివరిస్తూ ఈ కొలతను ముందుకు తెచ్చారు. వాళ్లు చూస్తున్నవి డయాటమ్‌లు, అంటే సిలికా కవచం ఉండే ఏకకణ శైవలాలు. ఫోకస్‌ను మార్చుకుంటూ ఒకే డయాటమ్‌ను మళ్లీ మళ్లీ చూసి, ఎక్కడ అంకె ఎక్కువ వస్తే అక్కడ ఆగడం వాళ్ల పని. ఆ సందర్భాన్ని గుర్తుపెట్టుకోవాలి. వాళ్ల ముందున్న వస్తువు మారడం లేదు, స్పష్టత ఒక్కటే మారుతోంది. అందుకే అంకెను నమ్మగలిగారు.

‘వేరియన్స్ 100 దాటితే బొమ్మ స్పష్టం, దాటకపోతే బ్లర్’ అని కొందరు ఒక గీత గీసేస్తారు. నా దృష్టిలో అది పనికిరాని సలహా. సున్నం వేసిన గోడను ఎంత స్పష్టంగా తీసినా అందులో అంచులు లేవు కాబట్టి అంకె తక్కువే వస్తుంది. జరీ పనితనం నిండుగా ఉన్న పట్టుచీర కాస్త అలికినా అంకె ఎక్కువే వస్తుంది. ఒకే దృశ్యంలోని ఫ్రేములను ఒకదానితో ఒకటి పోల్చడానికి తప్ప ఈ అంకె దేనికీ పనికిరాదు. మన నాలుగు సెకన్ల ముక్క సరిగ్గా అలాంటిదే.

అలాంటిదే అయినా తలంబ్రాలు ఒక చిక్కు తెచ్చిపెడతాయి. పసుపు కలిపిన బియ్యపు గింజ ప్రతిదానికీ అంచు ఉంది. ముప్పై సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడే గింజ కిందికి చేరేసరికి సెకనుకు దాదాపు 2.4 మీటర్ల వేగం అందుకుంటుంది. షటర్ 1/60 సెకను తెరిచి ఉంటే ఆ కాస్త సమయంలోనే నాలుగు సెంటీమీటర్లు జారి, ఫ్రేములో నిలువు గీతలా పడుతుంది. అంటే అది బ్లరే. కానీ ఆ గీత పైకీ కిందికీ అలికిందే తప్ప దాని రెండు పక్కల అంచులు పదునుగానే ఉంటాయి, లాప్లాసియన్ వాటిని లెక్కేసుకుంటుంది. దాంతో ఫ్రేము మొత్తాన్ని కొలిస్తే గింజలు ఎక్కువగా గాల్లో ఉన్న ఫ్రేము పైకి రావచ్చు. అందులో పెళ్లికూతురి ముఖం అలికిపోయి ఉన్నా లెక్కకు తెలియదు. వెనకాల మెరిసే సీరియల్ లైట్లు కూడా ఇలాగే మోసం చేస్తాయి.

అందుకని ఎక్కడ కొలుస్తున్నామన్నది ఎలా కొలుస్తున్నామన్నదానికంటే ముఖ్యం. ముఖం ఉన్న భాగాన్ని మాత్రమే కత్తిరించి కొలవాలి. కెమెరా స్టాండు మీద ఉండి ముఖం పెద్దగా జరగకపోతే ఒకే చట్రం అన్ని ఫ్రేములకూ సరిపోతుంది. ఉచితంగా దొరికే ఓపెన్‌సీవీ లైబ్రరీతో, పైథాన్‌లో పని ఇంతే:

```python
import cv2

cap = cv2.VideoCapture("talambralu.mp4")
scores = []
n = 0
while True:
    ok, frame = cap.read()
    if not ok:
        break
    gray = cv2.cvtColor(frame, cv2.COLOR_BGR2GRAY)
    face = gray[200:560, 700:1180]
    s = cv2.Laplacian(face, cv2.CV_64F).var()
    scores.append((s, n))
    n += 1
print(sorted(scores, reverse=True)[:5])
```

`face` ఉన్న వరుసలో మొదటి జత అంకెలు పైనుంచి కిందికి, రెండో జత ఎడమ నుంచి కుడికి. మీ వీడియోలో ముఖం ఎక్కడుందో చూసి వాటిని మార్చుకోవాలి. `cv2.CV_64F` అన్నదాన్ని మాత్రం కదపకండి. దాని బదులు మామూలు బొమ్మలకు వాడే `cv2.CV_8U` పెడితే సున్నాకు తక్కువైన జవాబులన్నీ సున్నాలైపోతాయి. మన ఉదాహరణలో మైనస్ 150 మాయమై, అంచులో సగం సమాచారం పోతుంది. ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపించదు, అంకెలూ వస్తాయి, కానీ అవి తప్పుడు అంకెలు.

ముఖం ముందునుంచే గింజలు జారుతుంటే చట్రం ఒక్కటే చాలదు. నాకు నచ్చిన ఉపాయం ఓటింగ్. ఆ చట్రాన్ని 40 పిక్సెళ్ల గళ్లుగా కోస్తే 108 గళ్లు వస్తాయి. ప్రతి గడికీ విడిగా వేరియన్స్ లెక్కించి, ఆ గడికి అత్యధిక అంకె వచ్చిన ఫ్రేముకు ఒక ఓటు వేయాలి. గింజలున్న ఫ్రేము ఆ గింజలు పడ్డ గళ్లనే గెలుచుకుంటుంది. నిజంగా స్పష్టమైన ఫ్రేము కళ్ల దగ్గర, బాసికం దగ్గర, పెదవుల దగ్గర, ముక్కెర దగ్గర కూడా గెలుస్తుంది. నున్నటి చెంపల గళ్లు మాత్రం ఎటో ఒకటు ఓటేస్తాయి, కానీ అవి ఏ ఒక్క ఫ్రేముకూ మూకుమ్మడిగా పడవు.

ఇంకో ఇబ్బంది వెలుతురుతో వస్తుంది. పక్కనున్న ఎవరి ఫ్లాషో వెలిగిన ఫ్రేములో తెలుపు, నలుపుల మధ్య అంతరం పెరుగుతుంది. అంతరం రెట్టింపైతే వేరియన్స్ నాలుగు రెట్లవుతుంది. మన స్పష్టమైన అంచునే సగం వెలుతురులో తీశామనుకోండి: 50 కాస్తా 25, 200 కాస్తా 100 అవుతాయి, వేరియన్స్ 7500 నుంచి 1875కు పడిపోతుంది. స్పష్టత మాత్రం ఏమీ తగ్గలేదు. వచ్చిన అంకెను ఆ భాగపు సగటు వెలుతురు వర్గంతో భాగిస్తే ఈ తేడా చాలావరకు పోతుంది. ఫ్లాష్‌కు ముఖం పూర్తిగా తెల్లబడిన ఫ్రేములకు ఇదీ పనిచేయదు. వాటిని తీసి పక్కన పెట్టడమే మంచిది.

చీకటి మంటపంలో నాయిస్ గురించి కూడా ఒక మాట. ఒక్కో పిక్సెల్‌లో చుక్కలు చుక్కలుగా కనిపించే అలజడిని కూడా లాప్లాసియన్ అంచుగానే చూస్తుంది, పైగా దాని వేరియన్స్‌ను 20 రెట్లు చేస్తుంది. పిక్సెల్ అంకెలు సగటున 5 మేర అటూ ఇటూ ఊగుతుంటే ఉత్త గోడకే 500 వస్తుంది. మన అలికిన అంచుకు వచ్చిన 300 కంటే అదే ఎక్కువ! ముక్క మొత్తంలో నాయిస్ ఒకేలా ఉంటే అందరికీ సమానంగా కలుస్తుంది కాబట్టి వరుసక్రమం పెద్దగా చెడదు. మధ్యలో లైట్లు ఆరి కెమెరా తనంతట తానే ఐఎస్ఓ పెంచుకుంటే మాత్రం ఆ చీకటి ఫ్రేములు పైకి వచ్చే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే కొలిచే ముందు `cv2.GaussianBlur(face, (3, 3), 0)` తో కొద్దిగా మెత్తబరిచి మళ్లీ లెక్క వేయండి. అప్పుడు వరుసక్రమం తారుమారైతే ఇంతకుముందు గెలిపించింది నాయిస్ అన్నమాట.

చివరికి వచ్చిన మొదటి ఐదు ఫ్రేములనూ కంటితోనే చూడాలి. కళ్లు మూసుకున్న ముఖం కూడా స్పష్టంగానే ఉంటుంది, ఆ సంగతి లెక్కకు పట్టదు. మొత్తం 120 ఫ్రేములూ అలికి ఉంటే మొదటి స్థానంలో వచ్చేది వాటిలో కాస్త తక్కువ అలికినదే తప్ప స్పష్టమైనది కాదు.

ఇదంతా చేయబోయే ముందు వీడియోగ్రాఫర్ దగ్గరకు వెళ్లి అసలు ఫైలు అడిగి తెచ్చుకోండి. వాట్సాప్‌లో వీడియోగా వచ్చిన కాపీలో సన్నటి వివరాలు చాలావరకు ముందే పోయి ఉంటాయి, వాటి చోట కుదింపు వల్ల పుట్టిన గళ్ల అంచులు చేరతాయి. లాప్లాసియన్ ఆ గళ్లను కూడా స్పష్టత కిందే లెక్కగడుతుంది.